చూపు తగ్గి, వేళ్ళు కూడా నొప్పి పెడుతుంటే ఈమెయిల్ ఎలా? ఒక కేసు పూర్తిగా

నేను చూపు తగ్గినవాళ్ళకి కంప్యూటర్, ఫోన్ వాడటం నేర్పే పనిలో ఉన్నా. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి సమస్య కళ్ళతోనే, వాళ్ళకి స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నేర్పిస్తాం. చేతుల నొప్పితో వచ్చేవాళ్ళు తక్కువ, వాళ్ళకి వాయిస్ టైపింగ్ చూపిస్తాం. రెండూ ఒకే మనిషికి ఉంటే మాత్రం ఒకదానికి ఇచ్చే మందు రెండోదానికి పడదు. స్క్రీన్ రీడర్ అంటే మౌస్ వదిలేసి పనంతా కీబోర్డు మీదే చెయ్యాలి, వేళ్ళకి పని పెరుగుతుంది. వాయిస్‌తో కంప్యూటర్ నడపాలంటే స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో చూసి చెప్పాలి, అది కంటికి పని. షుగర్ ఉన్నవాళ్ళలో ఈ రెండూ కలిసి రావడం అరుదేం కాదు, అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నా. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశా, కొన్ని మార్చా. ఆవిడ అనుమతితోనే రాస్తున్నా.

ఎవరు, ఏం పని

ఆవిడకి యాభై దాటాయి. ఒక ప్రైవేట్ కాలేజీ ఆఫీసులో అడ్మిషన్లు, ఫీజుల లెక్కలు, తల్లిదండ్రులతో ఉత్తర ప్రత్యుత్తరాలు చూస్తారు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతినే రెటినోపతీ వచ్చి లేజర్ చేయించుకున్నారు, తర్వాత కంట్లో ఇంజెక్షన్లు కూడా పడ్డాయి. మా దగ్గరికి వచ్చేసరికి మంచి కన్ను 6/60, మామూలు చూపుకి అరవై మీటర్ల నుంచి తెలిసేది ఆవిడకి ఆరు మీటర్ల దగ్గర కానీ తెలియదు. మధ్యలో మసక, పక్కల్లో కొంచెం కనిపిస్తుంది, అంటే గదిలో నడవగలరు, మనిషి వచ్చాడని తెలుస్తుంది కానీ అక్షరం మీద చూపు నిలవదు.

చేతుల సంగతి మొదటి రోజు ఆవిడ చెప్పలేదు. కుడి చేతిలో బొటనవేలు, ఉంగరం వేలు ముడిస్తే బిగుసుకుపోయి టక్కుమని తెరుచుకుంటాయి, డాక్టర్లు ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. దానికి తోడు మణికట్టు దగ్గర నరం నొక్కుకుని రాత్రిళ్ళు తిమ్మిర్లు. షుగర్ ఉన్నవాళ్ళలో ఈ రెండూ మామూలు వాళ్ళకంటే ఎక్కువ. ఎడమ చెయ్యి చాలావరకు బాగానే ఉంది, ఈ ఒక్క విషయం మీదే తర్వాత పరిష్కారం అంతా నిలబడింది. ఇప్పుడు నేను కొత్తగా ఎవరొచ్చినా మొదటి పది నిమిషాల్లో రెండు చేతులూ విడివిడిగా చూస్తా, ఏ వేలు ఎంతసేపు నొక్కి పట్టగలదో అడుగుతా.

రోజూ పాతిక ముప్పై మెయిల్స్ వస్తాయి. సగం ఇంగ్లీషు, సగం తెలుగు, కొన్ని రెండూ కలిపి. ఆవిడ రాయాల్సినవి అయిదారు, అవి తప్పుల్లేకుండా వెళ్ళాలి, ఎందుకంటే వాటిలో ఫీజు అంకెలుంటాయి. ఆవిడ వచ్చేనాటికి మెయిల్స్ అన్నీ పక్క టేబుల్ అమ్మాయి చదివి పెడుతోంది. "ఆ పిల్ల ఖాళీగా ఉన్నప్పుడే నాకు ఉత్తరం బాబూ, లేకపోతే లేదు" అన్నారు. తన మెయిల్ తను చదువుకోవాలి, తను రాయాలి, ఆవిడ అడిగింది అంతే.

మొదట పెట్టినవి, ఎందుకు ఆగిపోయాయి

మొదట మాగ్నిఫైయర్. విండోస్‌లో `Win` నొక్కి ప్లస్ నొక్కితే వచ్చేస్తుంది, ఆవిడ అప్పటికే వాడుతున్నారు. నాలుగు రెట్లు పెంచితే కానీ అక్షరం తెలియట్లేదు, అంత పెంచితే లైనులో మూడు నాలుగు మాటలే స్క్రీన్ మీద ఉంటాయి, మిగతాది చూడాలంటే మౌస్ జరపాలి. జరిపేది కుడి చెయ్యే. ఒక మెయిల్ చదివేసరికి చెయ్యి నొప్పి, మెడ ముందుకు వంగి మెడ నొప్పి. మధ్య చూపు పోయినవాళ్ళకి పెద్దది చేసినంత మాత్రాన చదవడం రాదు, ఒక మాట దొరికి పక్క మాటకి వెళ్ళేసరికి లైను తప్పిపోతుంది. దీన్ని తొందరగానే వదిలేశాం.

తర్వాత స్క్రీన్ రీడర్. ఎన్‌వీడీఏ పెట్టాం, అది ఉచితం, ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని కుర్రాళ్ళు మొదలుపెట్టింది, మన దగ్గర కూడా చాలామంది వాడుతున్నారు. మెయిల్ బ్రౌజర్‌లో జీమెయిల్ కాబట్టి అందులోనే నేర్పడం మొదలుపెట్టాం. ఇక్కడ రెండు అడ్డంకులు వచ్చాయి.

మొదటిది, జీమెయిల్ షార్ట్‌కట్లు, ఎన్‌వీడీఏ షార్ట్‌కట్లు కొట్టుకోవడం. జీమెయిల్ సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్లు ఆన్ చేశాక `r` నొక్కితే రిప్లై, `c` నొక్కితే కొత్త మెయిల్, `e` నొక్కితే ఆర్కైవ్. కానీ ఎన్‌వీడీఏ వెబ్ పేజీలో చదివే పద్ధతిలో ఉన్నప్పుడు ఆ అక్షరాల్ని తనే తీసేసుకుంటుంది, `r` అంటే తర్వాతి రేడియో బటన్, `c` అంటే కాంబో బాక్స్, `e` అంటే టైప్ చేసే పెట్టె. ఆవిడ రిప్లై కోసం `r` కొడితే "no next radio button" అని వినిపిస్తుంది. ఎవరికైనా ఇలా వినిపిస్తే అర్థం ఒకటే, స్క్రీన్ రీడర్ మోడ్ మార్చాలి. మార్చడానికి ఎన్‌వీడీఏ కీ పట్టుకుని స్పేస్ నొక్కాలి. ఏ మోడ్‌లో ఉన్నామో గుర్తుపెట్టుకుని ప్రతి మెయిల్‌కి రెండు మూడు సార్లు ఇది చెయ్యాలి. చూపొక్కటే సమస్య అయినవాళ్ళు దీనికి అలవాటు పడిపోతారు, నేనే చాలామందికి నేర్పా. ఆవిడకి మాత్రం ప్రతి మార్పూ ఒక నొప్పి.

రెండోది, ఎన్‌వీడీఏ కీ అసలు నొక్కి పట్టుకోవాల్సిన కీ. `Insert` గానీ `Caps Lock` గానీ పట్టుకుని రెండో కీ నొక్కాలి. నొక్కి పట్టుకోవడమే ట్రిగ్గర్ ఫింగర్‌కి పడదు, మామూలుగా ఒక్కసారి తట్టడం పర్వాలేదు. విండోస్‌లో స్టిక్కీ కీస్ ఉంది కదా, `Shift` అయిదుసార్లు నొక్కితే వస్తుంది, ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకోవచ్చు అని పెట్టి చూశాం. అది `Ctrl`, `Alt`, `Shift`, `Win` కే పనిచేస్తుంది, ఎన్‌వీడీఏ కీకి పనిచెయ్యదు. పైగా రెండు కీలు ఒకేసారి తగిలితే స్టిక్కీ కీస్ తనంతట తనే ఆగిపోయే సెట్టింగ్ ఒకటుంది, పొరపాటున వేలు తగిలి ఆగిపోతే ఆవిడకి కనిపించదు కాబట్టి ఎందుకు పనిచెయ్యట్లేదో తెలియదు. ఆ సెట్టింగ్ తీసేశాం, స్టిక్కీ కీస్ మాత్రం ఉంచాం, ఎందుకో కింద చెప్తా.

కొన్ని వారాలకి ఆవిడ మెయిల్ చదవగలుగుతున్నారు, కానీ ఫిజియో ఫోన్ చేసి కుడి చెయ్యి వాపు పెరిగింది, ఏం చేయిస్తున్నారు అని అడిగింది. ఇంకా ప్రాక్టీస్ చేయిస్తే అలవాటవుతుందిలే అనుకునే అవకాశం ఉంది అక్కడ. కానీ వాపు పెరుగుతుంటే అది అలవాటు సమస్య కాదు, పద్ధతి సమస్య. ఆపేశాం.

మూడోది, గొంతుతో మొత్తం నడపడం. విండోస్ 11 లో వాయిస్ యాక్సెస్ అని ఉంది, ఇంగ్లీషులో చెప్తే బటన్లు నొక్కుతుంది. బటన్ పేరు తెలియకపోతే "show numbers" అనాలి, స్క్రీన్ మీద ప్రతిదాని పక్కనా ఒక నంబర్ వస్తుంది, ఆ నంబర్ చెప్పాలి. ఆ నంబర్లు చూడాలి కదా! అక్కడే ఆగిపోయింది. స్క్రీన్ రీడర్ కూడా ఆన్‌లో ఉంచి ప్రయత్నించాం, స్పీకర్లో అది మాట్లాడేది మైకు విని దాన్నే కమాండ్ అనుకోవడం మొదలుపెట్టింది. హెడ్‌సెట్ పెడితే ఆ గోల తగ్గింది కానీ చూడాల్సిన అవసరం అలాగే ఉంది.

పనిని రెండుగా విడగొట్టడం

ఇక్కడ ఆగి ఆవిడతో కూర్చుని ఒక రోజు పనంతా రాసుకున్నాం. అప్పుడు తెలిసింది ఏంటంటే చదవడానికి కావాల్సిన కీలు చాలా తక్కువ, కింది మెయిల్‌కి వెళ్ళు, తెరువు, చదువు, ఆపు, మూసెయ్యి, అంతే. వేళ్ళని చంపేది రాయడం, దిద్దడం. అందుకని చదవడం చెవితో, ఎడమ చేత్తో, వీలైనన్ని ఒంటి కీలతో. రాయడం గొంతుతో. ఈ రెండూ కలిసే ఒక్క చోటు, అంటే రాసింది విని సరిచూసుకోవడం, దాని మీద శ్రమ పెట్టాలి అనుకున్నాం. గొంతుతో కంప్యూటర్ నడపడం పూర్తిగా వదిలేశాం, గొంతు అక్షరాలు వెయ్యడానికే.

చదివే వైపు ముందు బ్రౌజర్ మానేసి థండర్‌బర్డ్‌కి మారాం. అది మెయిల్ కోసమే ఉన్న ప్రోగ్రామ్, మెయిల్స్ జాబితా మామూలు జాబితాలా ఉంటుంది, మోడ్ మార్చే గొడవ చాలావరకు పోతుంది. కింది బాణం నొక్కితే తర్వాతి మెయిల్ వివరం వినిపిస్తుంది, ఎంటర్ నొక్కితే తెరుచుకుంటుంది, `Ctrl+W` తో మూసుకుంటుంది. జాబితాని కార్డుల్లా కాకుండా టేబుల్‌లా పెట్టి, అక్కర్లేని కాలమ్స్ అన్నీ తీసేసి పంపినవారు, విషయం, తేదీ మాత్రం ఉంచాం. స్క్రీన్ రీడర్ ఆ వరుసలో ఉన్నదంతా చదువుతుంది కాబట్టి కాలమ్ ఎంత తగ్గితే మెయిల్‌కి అంత తక్కువ వినాలి. ముప్పై మెయిల్స్ దాటేటప్పుడు ఇది చాలా తేడా.

ఇంకొకటి, బ్యాంకులు, పబ్లిషర్లు పంపే రంగురంగుల మెయిల్స్. మొదట వ్యూ మెనూలో మెసేజ్ బాడీని ప్లెయిన్ టెక్స్ట్ చేశాం, తేలికవుతుందని. అయితే లింకు దగ్గర పేరు బదులు వందల అక్షరాల అడ్రస్ మొత్తం చదవడం మొదలుపెట్టింది. అందుకని `Simple HTML` కి మార్చాం, అలంకారాలు పోతాయి, లింకు మాత్రం దాని పేరుతోనే వినిపిస్తుంది.

చేతి సంగతికి కొత్త పరికరం ఏమీ కొనలేదు. ఆవిడ ఆఫీసులో పక్కన నంబర్ ప్యాడ్ ఉన్న పెద్ద కీబోర్డే ఉంది, దాన్ని మొత్తం ఎడమవైపుకి జరిపాం, బాణాలు, నంబర్ ప్యాడ్ ఎడమ చేతి ముందుకొచ్చేలా. ఎన్‌వీడీఏ డెస్క్‌టాప్ పద్ధతిలో నంబర్ ప్యాడ్ కీలు ఒక్కటొక్కటే పనిచేస్తాయి, ఏమీ పట్టుకోనక్కర్లేదు. 8 నొక్కితే ఇప్పటి లైను, 7 వెనక లైను, 9 ముందు లైను, 5 నొక్కితే మాట, 5 రెండుసార్లు నొక్కితే ఆ మాట అక్షరం అక్షరం, ప్లస్ నొక్కితే అక్కణ్ణుంచి చివరిదాకా చదువుతుంది. `Num Lock` ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే చదవకుండా అంకెలు పడతాయి, రాసే మెయిల్‌లో ఊరికే 8, 9 అని పడుతుంటే ఇదే కారణం. ఇవి కాక తరచుగా కావాల్సినవి ఇంకో రెండు ఉంటే ఎన్‌వీడీఏ మెనూలో `Input gestures` అని ఉంటుంది, అందులోకెళ్ళి వాటికి ఫంక్షన్ కీలు ఇచ్చేశాం. `Insert` పట్టుకోవడం రోజులో దాదాపు లేకుండా పోయింది. `Ctrl` తో కలిపి నొక్కాల్సినవి స్టిక్కీ కీస్‌తో ఒకదాని తర్వాత ఒకటి, దాన్ని ఉంచింది అందుకే.

తెలుగు మెయిల్ వస్తే మౌనం

ఇదొక విచిత్రమైన ఇబ్బంది, చూపున్నవాళ్ళకి అసలు తెలియదు. స్క్రీన్ రీడర్‌లో విండోస్ ఇంగ్లీషు గొంతు పెట్టి ఉంటే తెలుగు లిపి మెయిల్ తెరిచినప్పుడు ఏమీ వినిపించదు, మధ్యలో ఏవైనా అంకెలో ఇంగ్లీషు మాటలో ఉంటే అవి మాత్రం పలుకుతుంది. ఆవిడ కొన్నాళ్ళు ఖాళీ మెయిల్స్ వస్తున్నాయనుకున్నారు. ఎన్‌వీడీఏ భాష దానంతట అది మార్చుకోవాలంటే ఆ పాఠంలో ఇది తెలుగు అని గుర్తు ఉండాలి, మనవాళ్ళు పంపే మెయిల్స్‌లో అది ఉండదు.

దీనికి ఈస్పీక్ అనే గొంతుని తెలుగుకి పెట్టాం, అది ఎన్‌వీడీఏతోనే వస్తుంది. దాని గొప్పేంటంటే గొంతు తెలుగులో పెట్టినా ఇంగ్లీషు లిపి మాట వస్తే దాన్ని ఇంగ్లీషులానే పలుకుతుంది, అంటే రెండూ కలిసిన మెయిల్ కూడా ఆగకుండా చదువుతుంది. లోపమేంటంటే గొంతు మరీ రేకు డబ్బాలో మాట్లాడినట్టుంటుంది. "ఇదేం తెలుగు బాబూ, పరాయి ఊరి మనిషి మాట్లాడినట్టుంది" అన్నారు మొదటి రోజు. వేగం బాగా తగ్గించి ఆవిడకి ముందే తెలిసిన ఉత్తరాలు, తను రాసినవే, చదివించాం. తెలిసిన వాక్యం వింటే చెవి ఆ పలుకుకి తొందరగా అలవాటవుతుంది. తర్వాత మెల్లగా వేగం పెంచుకుంటూ పోయాం. వినడానికి హాయిగా ఉండే గొంతులు ఫోన్లో ఉన్నాయి, అయినా ఇదే ఎందుకు ఉంచామంటే ఆవిడకి రోజూ వచ్చే మెయిల్స్ కలగూర భాషలో ఉంటాయి, హాయి కంటే ఏ మాటా తప్పిపోకుండా వినిపించడం ముఖ్యం.

రాయడం

ఇంగ్లీషు మెయిల్‌కి `Win+H`. థండర్‌బర్డ్‌లో రిప్లై తెరిచి ఇది నొక్కితే మైకు ఆన్ అవుతుంది, భారతీయ ఇంగ్లీషు పెట్టాం, పంక్చుయేషన్ దానంతట అది వేసే సెట్టింగ్ కూడా ఉంది. హెడ్‌సెట్ తప్పనిసరి, స్పీకర్లో స్క్రీన్ రీడర్ మాట్లాడితే అది కూడా మెయిల్‌లో పడుతుంది.

రిప్లై విషయంలో ఒక చిన్న సెట్టింగ్ చాలా ఇబ్బంది తప్పించింది. థండర్‌బర్డ్ మామూలుగా వచ్చిన పాత ఉత్తరం మొత్తం పైన పెట్టి కింద మనల్ని రాయమంటుంది. రాసింది విందామని మొదటికెళ్తే పాత ఉత్తరమంతా వినాలి. అకౌంట్ సెట్టింగ్స్‌లో జవాబు పైన, పాత ఉత్తరం కింద వచ్చేలా మార్చాం. ఇప్పుడు `Ctrl+Home` కొడితే తను రాసిందే ముందు వినిపిస్తుంది.

తెలుగు మెయిల్‌కి ఫోన్. గూగుల్ కీబోర్డు జీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ బాగానే పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ మాత్రం పెట్టలేదు, దానికి వేళ్ళతో పదే పదే స్క్రీన్ మీద జరపాలి, ఆవిడ బొటనవేలు ఒప్పుకోదు. ఫోన్‌ని టేబుల్ మీద స్టాండ్‌లో పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, కీబోర్డు మీద మైకు గుర్తు ఎక్కడుందో మాత్రం చూపించాం, పక్క చూపుతో అది దొరికించుకోగలరు. జీమెయిల్ యాప్‌లో రిప్లై తెరిచి చెప్తారు, పంపరు. వెనక్కి వస్తే డ్రాఫ్ట్‌గా ఉండిపోతుంది, అదే డ్రాఫ్ట్ కాసేపటికి కంప్యూటర్లో థండర్‌బర్డ్ డ్రాఫ్ట్స్ ఫోల్డర్లో కనిపిస్తుంది, అక్కడ విని, దిద్ది, పంపుతారు. ఫోన్లో మూసేశాకే కంప్యూటర్లో తెరవాలి, రెండు చోట్లా ఒకేసారి తెరిస్తే రెండు కాపీలు తయారయ్యి ఏది సరైనదో తెలియకుండా పోతుంది.

మొదట్లో ఆవిడ ఉత్తరమంతా ఒక్క గుక్కలో చెప్పేవారు. రెండు సమస్యలొచ్చాయి. ఆలోచించుకోవడానికి ఆగితే మైకు ఆగిపోయేది, అది గమనించక చెప్పిన తర్వాతి రెండు వాక్యాలు గాల్లో కలిసిపోయేవి. ఇంకా తెలుగు డిక్టేషన్‌లో ఫుల్‌స్టాప్‌లు రాలేదు, మొత్తం ఒకటే పేరా, ఎక్కడ వాక్యం అయిపోయిందో వినేటప్పుడు తెలియదు.

ఇక్కడ మార్చింది చిన్నదే కానీ ఈ కేసు మొత్తంలో దీనికే ఎక్కువ విలువిస్తా. ఒక వాక్యం మనసులో అనుకో, మైకు నొక్కు, చెప్పు, ఎంటర్ కొట్టు. ఒక్కో లైనుకి ఒక్కో వాక్యం, చిన్న వాక్యం. అప్పుడు మైకు ఆగినా పోయేది ఒక్క వాక్యమే. ఫుల్‌స్టాప్ లేకపోయినా లైను మారడమే విరామం, చదివేవాళ్ళకి కూడా తేలికే. కంప్యూటర్లో కింది బాణం కొడుతుంటే ఒక్కో వాక్యం విడిగా వినిపిస్తుంది. తప్పుంటే ఆ మాటని దిద్దడానికి అక్షరాల మధ్య తిరగనక్కర్లేదు, `Home`, తర్వాత `Shift+End`, తర్వాత `Delete`, లైను మొత్తం పోతుంది, మళ్ళీ చెప్పడమే. మాట దిద్దాలంటే పదిహేను ఇరవై కీలు పడతాయి, లైను తీసి మళ్ళీ చెప్పడానికి అయిదారు చాలు. కంప్యూటర్లో మళ్ళీ చెప్పాల్సింది తెలుగైతే, ఆ లైను ఫోన్లోకెళ్ళి అదే డ్రాఫ్ట్‌లో చెప్తారు, అందుకే ముందు ఉత్తరమంతా విని ఎన్ని లైన్లు మార్చాలో చూసుకుని ఒకేసారి వెళ్తారు. చూపున్నవాళ్ళకి ఇది వింతగా అనిపిస్తుంది, ఒక్క అక్షరానికి వాక్యమంతా చెరపడమేంటని. ఆవిడ లెక్క వేరు, ఆవిడకి మాట ఖరీదు లేదు, కీ నొక్కడమే ఖరీదు.

చెవికి దొరకని తప్పు

డిక్టేషన్ చేసే తప్పుల్లో ఒక సంగతుంది, అది ఎప్పుడూ నిజమైన మాటలే వేస్తుంది, తప్పు మాటైనా సరే అది నిఘంటువులో ఉండే మాటే. అందుకని స్పెల్లింగ్ చెక్ దీన్ని పట్టుకోలేదు, వినే పట్టుకోవాలి. ఇంగ్లీషులో వినడం కూడా చాలదు, `there` అన్నా `their` అన్నా చెవికి ఒకటే. తెలుగులో పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం కాబట్టి తప్పు పడితే దాదాపు ఎప్పుడూ వినిపిస్తుంది. "కట్టలేదు" అని చెప్తే "కట్టాలి" అని పడిందనుకోండి, వినగానే ఉలిక్కిపడతారు. ఆవిడ తెలుగు ఉత్తరాల్లో తప్పులు ఇంగ్లీషు ఉత్తరాల కంటే త్వరగా తగ్గిపోయాయి, నాకు అర్థమైన కారణం ఇదే.

అయితే అంకెల దగ్గర ఇదే చెవి మోసపోయింది. ఒక తండ్రికి రాసిన మెయిల్‌లో ఇరవై ఏడు వేలు అని చెప్పారు, ఫోన్ దాన్ని `20 7000` అని వేసింది, మధ్యలో ఖాళీతో. స్క్రీన్ రీడర్ దాన్ని ఎలా చదివిందంటే, ఇరవై ఏడు వేలు! చెవికి నూటికి నూరుపాళ్ళు సరిగ్గా ఉంది. ఆయన చూసింది మాత్రం ఇరవై, పక్కన ఏడు వేలు, ఏడు వేలే కట్టాలనుకున్నాడు. ఫోన్ చేసి అడిగాడు కాబట్టి బయటపడింది.

దీనికి రెండు పనులు చేశాం. డబ్బులు, తేదీలు, రోల్ నంబర్లు గొంతుతో చెప్పరు, చెప్పేటప్పుడు ఆ చోట "అంకె" అనే మాట చెప్పి ఖాళీ వదులుతారు. కంప్యూటర్లో విన్నప్పుడు "అంకె" అని వినగానే ఆగి, ఆ మాట తీసేసి, ఎడమ చేత్తో పై వరుస అంకెల కీలతో టైప్ చేస్తారు. టైప్ చేశాక నంబర్ ప్యాడ్ 5 రెండుసార్లు కొట్టి విడివిడిగా వింటారు, రెండు, ఏడు, సున్నా, సున్నా, సున్నా అని. మధ్యలో ఖాళీ ఉంటే అది రెండు మాటలవుతుంది కాబట్టి 5 కొట్టినప్పుడు సగం అంకే వినిపించి దొరికిపోతుంది. మనుషుల పేర్లకీ ఈమెయిల్ అడ్రస్‌లకీ కూడా ఇదే. అడ్రస్ అసలు టైప్ చేయనివ్వం, అడ్రస్ బుక్ నుంచే రావాలి.

పంపే ముందు చివరి కాపలాగా థండర్‌బర్డ్‌లో `Ctrl+Enter` కొట్టినప్పుడు నిజంగా పంపాలా అని అడిగే సెట్టింగ్ ఉంచేశాం. చాలామంది విసుగని తీసేస్తారు. స్టిక్కీ కీస్ వాడేవాళ్ళకి `Ctrl` నొక్కి మర్చిపోయి తర్వాత ఎంటర్ కొడితే మెయిల్ వెళ్ళిపోయే ప్రమాదం ఉంది, వీళ్ళకి ఆ ప్రశ్న ఉండి తీరాలి.

ఇంకా మిగిలినవి

ఆవిడ ఇప్పుడు మెయిల్స్ అన్నీ తనే చదువుతున్నారు, రాయాల్సినవి తనే రాస్తున్నారు. సమయం ఎక్కువే పడుతుంది, ముఖ్యంగా తెలుగు ఉత్తరానికి ఫోన్ నుంచి కంప్యూటర్‌కి వెళ్ళడం వల్ల. కుడి చెయ్యి వాపు తగ్గింది, అయితే దానికి వేలికి పడిన ఇంజెక్షన్ ఎంత కారణమో పద్ధతి మార్పు ఎంత కారణమో విడదీసి చెప్పలేం, రెండూ ఒకే నెలలో జరిగాయి.

గట్టిగా చెప్పి రాయడం వల్ల ఎవరి ఫీజు బాకీయో గదిలో అందరికీ వినిపిస్తుంది. ఇది ఆవిడే ముందు లేవనెత్తారు, నాకు తట్టలేదు. బాకీల ఉత్తరాలన్నీ పక్కకి పెట్టుకుని మధ్యాహ్నం రికార్డుల గదిలో కూర్చుని చెప్తారు. పేరు చోట కూడా "పేరు" అనే చెప్పి తర్వాత నింపుతారు.

అటాచ్‌మెంట్లు మాత్రం సగమే తేలాయి. స్కాన్ చేసిన ఇంగ్లీషు కాగితమైతే ఎన్‌వీడీఏలో బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్ ఉంది, `NVDA+R`, చాలావరకు చదువుతుంది. తెలుగులో పీడీఎఫ్‌లు చాలావాటిని డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో చేస్తారు, అవి కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ కాదు. చూడ్డానికి తెలుగే, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, స్క్రీన్ రీడర్ ఆ గుర్తుల్నే చదువుతుంది. తెలుగు పీడీఎఫ్ తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వినిపిస్తున్నాయంటే ఇదే, గొంతు మార్చినా ఉపయోగం లేదు. కాపీ చేసి వర్డ్‌లో వేసినా అదే చెత్త వస్తుంది. కాగితాన్ని బొమ్మగా ఫోటో తీసి ఓసీఆర్ చేస్తే కొంత తేలుతుంది, పట్టికలుంటే తేలదు. అందుకని ఆవిడ సంతకం కింద శాశ్వతంగా ఒక లైను పెట్టుకున్నారు, తెలుగు కాగితాలు యూనికోడ్‌లో గానీ, మెయిల్‌లోనే టైప్ చేసి గానీ పంపమని. ఎక్కువసార్లు పంపే ఇద్దరు ముగ్గురు మారారు. ఒక డీటీపీ ఆయనకి యూనికోడ్‌లోకి మార్చి పంపడం ఎలాగో నేనే వెళ్ళి చూపించా. మిగతావాళ్ళ పీడీఎఫ్‌లు వస్తే ఇప్పటికీ పక్క టేబుల్ అమ్మాయే చదువుతోంది.